43 ఎన్‌డీఏలు, ఒక ఎక్సెల్ షీట్: క్లాజులకు ట్యాగులు పెట్టినా గడువులు తప్పు వస్తున్నాయి

గుజ్జు_ఆఫీసు (చిత్తూరు) · 4 ఆగస్టు 2025, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తున్నాను. సీజన్ అయిపోయి కాస్త తీరిక దొరికింది కాబట్టి బీరువాలో ఉన్న గోప్యత ఒప్పందాలు, అంటే ఎన్‌డీఏలన్నీ బయటికి తీశాం. మొత్తం 43 ఉన్నాయి. జ్యూస్ కంపెనీలతో కొన్ని, మెషినరీ వాళ్లతో కొన్ని, టెస్టింగ్ ల్యాబులతో కొన్ని. ప్రతి దాన్నీ ఎదుటి కంపెనీ లాయరే రాశాడు కాబట్టి ఒకటి 2 పేజీలుంటే ఇంకొకటి 14 పేజీలుంది. ఒకదాని పోలిక ఇంకొకదానికి లేదు.

మా ఎండీ గారు అడిగింది ఒకటే: "ఎవరి సమాచారం విషయంలో మనం ఇంకా కట్టుబడి ఉన్నాం, ఎవరిది అయిపోయింది?"

నేను ఒక్కో ఒప్పందానికి ఒక వరుస, ఒక్కో రకం క్లాజుకు ఒక కాలమ్ పెట్టాను. 31 కాలమ్‌లు వచ్చాయి. "గడువు" కాలమ్‌లో సంవత్సరాలు రాసి, ఫిల్టర్ పెట్టి, 11 ఒప్పందాలు ముగిసిపోయాయని లిస్టు ఇచ్చాను. ఆ లిస్టును నమ్మి మా ప్రొడక్షన్ మేనేజర్ గారు ఒక పాత కస్టమర్ కోసం చేసిన తోతాపురి, ఆల్ఫాన్సో మిశ్రమం పాళ్లను ట్రయల్ రిపోర్టుతో సహా కొత్త కస్టమర్‌కు మెయిల్ చేయబోయారు. పంపేముందు అసలు కాగితం ఒకసారి చూద్దామని ఆయనే అడిగారు. తీసి చూస్తే ఒప్పందం 2 ఏళ్లదే, 2023లోనే అయిపోయింది. కానీ రహస్యంగా ఉంచాల్సిన బాధ్యత మాత్రం ఇంకా నడుస్తోంది. అది 8వ క్లాజులో వేరే చోట ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ క్లాజు ఇక్కడ పెడుతున్నాను: [నిర్వాహకుడు తొలగించారు]

ఈ 31 కాలమ్‌లలో నేను ఎక్కడ తప్పు చేశాను? మళ్లీ మొదటినుంచి చేయడానికి సిద్ధంగానే ఉన్నాను.

---

నిర్వాహకుడు · 4 ఆగస్టు, ఉదయం 10:40

మీరు పెట్టిన పాఠంలో కొనుగోలుదారు కంపెనీ పేరు ఉంది, అందుకే తీసేశాం. చాలా ఎన్‌డీఏల్లో ఇద్దరి మధ్య మాటలు నడుస్తున్నాయన్న సంగతిని కూడా గోప్యంగా ఉంచాలని ఉంటుంది. దయచేసి ఎవరూ అసలు పాఠం అతికించవద్దు. పేర్లు తీసేసి, మీ మాటల్లో చెప్పండి.

---

ఎక్సెల్_వాసు (తిరుపతి) · 4 ఆగస్టు, ఉదయం 11:05

అన్నా, 31 కాలమ్‌లు ఎక్కువేమీ కాదు. ఇంత కష్టపడాల్సిన పని కూడా లేదు. ప్రతి క్లాజుకూ పైన హెడ్డింగ్ ఉంటుంది కదా, దాన్నే ట్యాగ్‌గా వేసుకోండి. "టర్మ్" అనే హెడ్డింగ్ కింద ఉన్నదంతా టర్మ్, "రిటర్న్" కింద ఉన్నదంతా రిటర్న్. పీడీఎఫ్‌లో Ctrl+F కొడితే 43 ఒప్పందాలూ రెండు రోజుల్లో అయిపోతాయి. మా ఆఫీసులో అద్దె అగ్రిమెంట్లు 60 దాకా ఇలాగే చేశాం, ఎక్కడా తేడా రాలేదు.

---

శ్రీసిటీ_సుధ (సత్యవేడు) · 4 ఆగస్టు, మధ్యాహ్నం 1:20

శ్రీసిటీలో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ కాంట్రాక్టుల విభాగంలో ఉన్నాను. ఈ పని రెండుసార్లు చేశాను. మొదటిసారి నేనూ ఒప్పందానికో వరుస పెట్టే చేశాను, నాకూ ఇదే జరిగింది.

వాసు గారు చెప్పినట్టు అద్దె అగ్రిమెంట్లకు హెడ్డింగ్ సరిపోవచ్చు. అవి దాదాపు ఒకే నమూనాలో ఉంటాయి. ఎన్‌డీఏలో హెడ్డింగ్‌ను నమ్మలేం. మీ 43లో చివరి పేజీల్లో చూడండి, చాలావాటిలో ఒక వాక్యం ఉంటుంది: శీర్షికలు సౌకర్యం కోసమే, వాటిని బట్టి అర్థం తీయకూడదు అని. ఒప్పందమే శీర్షికను పట్టించుకోవద్దని చెబుతుంటే మనం దాన్ని ట్యాగ్‌గా ఎలా వేస్తాం?

నాకు బాగా గుర్తున్నది ఒకటి చెబుతాను. 6వ క్లాజు, హెడ్డింగ్ "సమాచారం తిరిగి ఇవ్వడం". మొదటి వాక్యం: ఒప్పందం ముగిసిన 15 రోజుల్లో కాగితాలన్నీ తిరిగి ఇవ్వాలి, లేదా నాశనం చేసి లిఖితంగా తెలపాలి. రెండో వాక్యం: లీగల్ విభాగం ఒక కాపీ ఉంచుకోవచ్చు, కంప్యూటర్ బ్యాకప్‌లో ఉన్నవి ఉండవచ్చు. మూడోది: అలా ఉంచుకున్న కాపీలకు, అవి ఉన్నంత కాలం, గోప్యత బాధ్యత వర్తిస్తుంది. మూడో వాక్యానికి తిరిగి ఇవ్వడంతో పనేముంది? అది బాధ్యత ఎంతకాలం అన్న ప్రశ్నకు జవాబు, దానికి అంతం కూడా లేదు. హెడ్డింగ్ చూసి ట్యాగ్ వేసినప్పుడు అది నా షీట్‌లో `RETURN` కింద పడింది. గడువు లెక్కలోకి రానే లేదు.

అందుకే వరుసను ఒప్పందానికి కాకుండా వాక్యానికి పెట్టండి. ఒక వాక్యం రెండు పనులు చేస్తుంటే రెండు వరుసలు రాయండి. `Clauses` అని వేరే షీట్ తెరిచి, A ఒప్పందం నంబరు, B క్లాజు నంబరు, C పేజీ, D ట్యాగ్, E ఆ వాక్యం. పోల్చే షీట్ దీని మీదినుంచి తయారవ్వాలి. దాన్ని చేత్తో నింపకూడదు.

---

కపిలతీర్థం_కుర్రాడు (తిరుపతి) · 4 ఆగస్టు, మధ్యాహ్నం 2:02

ఎన్‌డీఏ గురించి కాబట్టి నాదీ అడుగుతున్నాను. తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరేటప్పుడు రెండు పేజీల ఎన్‌డీఏ మీద సంతకం పెట్టించుకున్నారు. మానేశాక 12 నెలలు ఇదే రంగంలో వేరే కంపెనీలో చేరకూడదని అందులో ఉంది. ఇప్పుడు నాకు చెన్నైలో ఆఫర్ వచ్చింది. అది చెల్లుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

---

లా_మూడో_ఏడాది (తిరుపతి) · 4 ఆగస్టు, మధ్యాహ్నం 2:30

@కపిలతీర్థం_కుర్రాడు: 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం వృత్తి, వ్యాపారం చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఉద్యోగం మానేశాక పనిచేయకుండా ఆపే క్లాజులను మన కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. కానీ వాళ్ల కోడ్, కస్టమర్ల వివరాలు బయట పెట్టకూడదన్న భాగం వేరు, దానికి మీరు కట్టుబడే ఉండాలి. కాగితం ఒక అడ్వకేటుకు చూపించండి.

@గుజ్జు_ఆఫీసు: అదే సెక్షన్ వల్ల మీకూ మేలే. గడువు లేకుండా ఎప్పటికీ రహస్యంగా ఉంచాలనే క్లాజులు మన దేశంలో చెల్లవు. కాబట్టి అలాంటివన్నీ "చెల్లదు" అని ట్యాగ్ చేసి పక్కన పెట్టేయండి. పని సగం తగ్గుతుంది.

---

శ్రీసిటీ_సుధ · 4 ఆగస్టు, రాత్రి 8:45

తమ్ముడూ, మొదటి పేరా బాగా చెప్పావు. రెండో పేరాతో ఒప్పుకోలేను. సెక్షన్ 27 వ్యాపారాన్ని ఆపడం గురించి చెబుతుంది. ఒకరి ఫార్ములా బయట పెట్టవద్దు అనడం వేరే వ్యాపారం చేసుకోకుండా ఆపడం అవుతుందా అనేది ఆ ఒప్పందాన్నీ ఆ సమాచారాన్నీ బట్టి కోర్టు తేల్చాల్సిన విషయం. గడువు లేదు కాబట్టి తనంతట తానే చెల్లదని ట్యాగ్ వేసేస్తే, రేపు ఆ షీట్ చూసి ఎవరో మెయిల్ పంపిస్తారు. మేనేజర్ గారు పంపబోయినట్టే.

ట్యాగ్‌లో కాగితం మీద ఏముందో అదే ఉండాలి. "గడువు చెప్పలేదు", "ఎప్పటికీ అని చెప్పింది". ఈ రెండూ కూడా ఒకటి కావు, రెండు వేరు విలువలు పెట్టండి. చెల్లుతుందా లేదా అన్నది లాయరు అభిప్రాయం, దానికి చివర్లో వేరే కాలమ్ ఉంచి ఖాళీగా వదిలేయండి.

కపిలతీర్థం తమ్ముడు అడిగింది మన విషయానికి కూడా పనికొస్తుంది. ఉద్యోగుల ఎన్‌డీఏల్లోనే కాదు, కంపెనీల మధ్య ఎన్‌డీఏల్లో కూడా "మా ఉద్యోగులను మీరు తీసుకోకూడదు, 12 నెలలు" అనే వాక్యం దూరి ఉంటుంది. దానికి `RESTRAINT` అని విడిగా ట్యాగ్ పెట్టండి. లేకపోతే ఆ 12 నెలలు గోప్యత గడువు అనుకుని లెక్కలోకి వస్తాయి. మాకు ఒక ఒప్పందంలో గోప్యత 5 ఏళ్లు అయితే షీట్‌లో ఏడాది అని పడింది, కారణం ఇదే.

---

లా_మూడో_ఏడాది · 4 ఆగస్టు, రాత్రి 9:10

మేడమ్, కాలపరిమితి లేని ఆంక్ష సమంజసం కాదని మా క్లాసులో చెప్పారు. నా అభిప్రాయం మార్చుకోలేదు. కానీ ట్యాగ్‌లో కాగితం మాటే ఉండాలన్నది ఒప్పుకుంటున్నాను.

---

గుజ్జు_ఆఫీసు · 5 ఆగస్టు, ఉదయం 9:30

సుధ మేడమ్, వాక్యానికో వరుస అంటే 43 ఒప్పందాలకు వేల వరుసలు వస్తాయేమో. 31 ట్యాగులూ అలాగే ఉంచాలా? ఇంకో సందేహం. నేను తప్పు చేసిన ఒప్పందం చూశాక దాని పక్కనే ఇంకొకటి చూశాను. రెండూ 1 జూలై 2021 నాటివే, రెండూ 2 ఏళ్లవే, రెండింటిలోనూ బాధ్యత 3 ఏళ్లు అని ఉంది. మొదట చూస్తే రెండూ ఒకటే అనిపించాయి. కానీ ఒకదానిలో "ఒప్పందం ముగిసిన తేదీ నుంచి" అని, ఇంకొకదానిలో "ఆయా సమాచారం వెల్లడించిన తేదీ నుంచి" అని ఉంది. ఈ తేడా అంత పెద్దదా?

---

శ్రీసిటీ_సుధ · 5 ఆగస్టు, మధ్యాహ్నం 12:50

మీ సమస్య మొత్తం ఆ తేడాలోనే ఉంది. లెక్క వేసి చూద్దాం.

రెండు ఒప్పందాలూ 30 జూన్ 2023తో ముగిశాయి. మొదటిదానిలో 3 ఏళ్లు ముగింపు నుంచి, కాబట్టి ఏ సమాచారమైనా 30 జూన్ 2026 దాకా దాచాలి. తేదీ ఒక్కటే, సులువు.

రెండోదానిలో ఒక్కో కాగితానికి ఒక్కో గడువు. 10 జూలై 2021న వాళ్లు మీకు మొదటి స్పెసిఫికేషన్ ఇచ్చారనుకోండి. దాని మీద బాధ్యత 10 జూలై 2024తోనే పోయింది. 20 మే 2023న, సీజన్ మొదట్లో, ట్రయల్ పాళ్లు ఇచ్చారనుకోండి. అది 20 మే 2026 దాకా ఉంది. అంటే ఈరోజు ఒకే ఒప్పందం కింద ఒక కాగితం విడుదలైంది, ఇంకొకటి కాలేదు. "ఈ ఒప్పందం ముగిసిందా" అన్న ప్రశ్నకే అక్కడ జవాబు లేదు.

మీ పాత షీట్ "2" చూసి రెండూ 2023లోనే అయిపోయాయంది. ఇంకెవరైనా "3" రాసి సంతకం తేదీ నుంచి లెక్కపెడితే 2024లో అయిపోయాయని చెప్పేది. అంకె సరిగ్గానే రాశారు, కానీ ఎప్పట్నించి లెక్కపెట్టాలో ఎక్కడా రాయలేదు.

కాబట్టి రెండు ట్యాగులు వేరుగా పెట్టండి. `TERM` అంటే ఏ తేదీల మధ్య ఇచ్చిన సమాచారం ఈ ఒప్పందం కిందకి వస్తుంది అనేది. `SURV` అంటే అలా వచ్చినదాన్ని ఎంతకాలం దాచాలి అనేది. `SURV` వరుసలో F కాలమ్‌లో నెలలు రాయండి, ఏళ్లు వద్దు, 18 నెలలు అని రాసే కంపెనీలు ఉంటాయి. G కాలమ్‌లో ఎప్పట్నించి: `EXPIRY`, `DISCLOSE`, `SIGN`, `NONE`. H ఒప్పందం ముగిసిన తేదీ, I చివరిసారి సమాచారం అందిన తేదీ.

ఇక ట్యాగులు 31 వద్దు. మీ ఎండీ గారి ప్రశ్నకు పనికొచ్చేవి చాలు. నేనైతే నిర్వచనం, మినహాయింపులు, ఎవరికి చూపించవచ్చు, కోర్టు లేదా చట్టం అడిగితే, టర్మ్, సర్వైవల్, తిరిగి ఇవ్వడం, రిస్ట్రెయింట్, ఏ కోర్టు అనే తొమ్మిది, మిగతావన్నీ `OTHER`. `OTHER` వాక్యాన్ని టైప్ చేయనక్కర్లేదు, క్లాజు నంబరు చాలు. అప్పుడు వేల వరుసలు రావు, ఒప్పందానికి 15 నుంచి 25 వస్తాయి.

---

ఎక్సెల్_వాసు · 5 ఆగస్టు, సాయంత్రం 6:15

హెడ్డింగ్ విషయంలో నేను తొందరపడ్డాను, సుధ గారు చెప్పిన 6వ క్లాజు చూశాక అర్థమైంది. ఫార్ములా నేను ఇస్తాను. `Clauses` షీట్‌లో J కాలమ్‌లో ఇది వేసి కిందికి లాగండి:

```
=IF(G2="EXPIRY",EDATE(H2,F2),IF(G2="DISCLOSE",EDATE(I2,F2),"CHECK"))
```

తేదీ బదులు 46203 లాంటి అంకె కనిపిస్తే కంగారు పడొద్దు, అది 30 జూన్ 2026నే. సెల్ ఫార్మాట్‌ను డేట్‌గా మార్చండి చాలు.

ట్యాగ్‌లను చేత్తో టైప్ చేయకండి, డేటా వాలిడేషన్‌తో డ్రాప్‌డౌన్ పెట్టండి. `SURV` చివర ఒక స్పేస్ పడినా ఎక్సెల్‌కు అది వేరే మాట, లెక్కలోకి రాదు.

---

శ్రీసిటీ_సుధ · 5 ఆగస్టు, రాత్రి 9:00

వాసు గారూ, ఫార్ములా బాగుంది. ఒక్క చోట ప్రమాదం ఉంది. I కాలమ్ ఖాళీగా ఉంటే ఎక్సెల్ దాన్ని సున్నా అనుకుని 1900ల మొదట్లోని ఏదో తేదీ ఇస్తుంది. "ఈరోజు కంటే ముందున్నవి" అని ఫిల్టర్ పెట్టగానే అది ముగిసిన ఒప్పందంగా వచ్చి కూర్చుంటుంది. మెయిల్ తేదీలు దొరకని చోట ఇదే జరుగుతుంది. లోపలి భాగం ఇలా మార్చాలి:

```
IF(I2="","CHECK",EDATE(I2,F2))
```

H2కు కూడా ఇదే కాపలా పెట్టండి.

---

పాత_దస్తావేజు (చిత్తూరు) · 6 ఆగస్టు, ఉదయం 7:40

చిత్తూరులో కోర్టు దగ్గర 30 ఏళ్లు దస్తావేజులు రాశాను. ఎక్సెల్ నాకు రాదు, కాగితం తెలుసు. తేదీ గురించి ఒక మాట చెబుతాను బాబూ. స్టాంపు పేపరు మీద ఉండే తేదీ అది కొన్న తేదీ. ఒప్పందం తేదీ కాదు. మార్చిలో కొని పెట్టుకున్న పేపరు మీద జూన్‌లో రాసినవి ఎన్నో చూశాను. షీట్‌లో పైన కనిపించిన తేదీ ఎక్కించేస్తే మూడు నెలలు తేడా వస్తుంది. లోపల "ఈ తేదీ నుంచి అమలు" అని ఉందేమో చూడండి. అదీ లేకపోతే చివరి సంతకం కింద వేసిన తేదీ చూడండి. ఇద్దరూ ఒకే రోజు సంతకం పెట్టరు, చివర పెట్టిన వాళ్ల తేదీ నుంచి అమలు అని రాసేవీ ఉన్నాయి.

---

గుజ్జు_ఆఫీసు · 6 ఆగస్టు, ఉదయం 10:20

పెద్దాయనా, మీరు చెప్పాక వెళ్లి చూశాను. నాలుగు ఒప్పందాల్లో నేను స్టాంపు పేపరు తేదీనే ఎక్కించాను. సరిచేశాను, చాలా ధన్యవాదాలు.

తేదీల్లోనే ఇంకొకటి దొరికింది. అమెరికా కంపెనీ పంపిన ఒప్పందంలో 03/04/2021 అని ఉంది. నేను 3 ఏప్రిల్ అనుకున్నాను. వాళ్ల పద్ధతిలో అది మార్చి 4. వాళ్ల కవరింగ్ మెయిల్ మార్చి 5 నాటిది కాబట్టి ఖాయమైంది. ఇకనుంచి నెలను అక్షరాల్లోనే రాస్తున్నాను.

ఇప్పుడు అసలు కష్టం. రెండో రకం ఒప్పందంలో చివరి సమాచారం ఏ రోజు అందిందో మాకు తెలియదు. కొంత మెయిల్‌లో వచ్చింది, కొంత వాళ్ల మనిషి ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు లైన్ దగ్గర నిలబడి నోటితో చెప్పాడు. I కాలమ్ ఎలా నింపాలి?

---

శ్రీసిటీ_సుధ · 6 ఆగస్టు, మధ్యాహ్నం 3:35

తెలియనప్పుడు మీకు ఎక్కువ బాధ్యత పడే తేదీ తీసుకోండి. ఒప్పందం 30 జూన్ 2023న ముగిసింది కాబట్టి ఆ తర్వాత చెప్పింది దాని కిందకి రాదు. అంటే ఆ ఒప్పందం కింద సమాచారం అందగలిగిన ఆఖరి రోజు 30 జూన్ 2023. దాన్నే I కాలమ్‌లో వేసి, పక్కన "అంచనా" అని రాయండి. 30 జూన్ 2026 వస్తుంది. అసలు గడువు ఇంకా ముందే కావచ్చు, దాటి మాత్రం ఉండదు. అయితే దానంతటదే ఏటా పొడిగించుకునే వాక్యం `TERM`లో ఉంటే ఈ లెక్క పనికిరాదు, ముందు అది చూడండి.

నోటి మాట గురించి: కొన్ని ఒప్పందాల్లో నిర్వచనం క్లాజులోనే, నోటితో చెప్పినదాన్ని 30 రోజుల్లో రాతపూర్వకంగా ధ్రువీకరిస్తేనే గోప్యం అని ఉంటుంది. ఆ వాక్యానికి విడిగా ఒక వరుస రాయండి. అది ఉన్న ఒప్పందం, లేని ఒప్పందం మీ లైన్ దగ్గర జరిగిన మాటల విషయంలో పూర్తిగా వేరు.

---

ఎక్సెల్_వాసు · 6 ఆగస్టు, సాయంత్రం 5:10

పోల్చే షీట్‌కు ఇది సరిపోతుంది. ఎడమ పక్క ఒప్పందం నంబర్లు, పై వరుసలో ట్యాగులు:

```
=COUNTIFS(Clauses!$A:$A,$A2,Clauses!$D:$D,B$1)
```

1 వస్తే ఒక వాక్యం ఉంది, 2 వస్తే రెండు చోట్ల ఉంది, 0 వస్తే ఆ క్లాజు ఆ ఒప్పందంలో లేదు.

---

శ్రీసిటీ_సుధ · 6 ఆగస్టు, రాత్రి 9:25

0 దగ్గర ఆగండి. 0 అంటే ఒప్పందంలో లేదనా, ఇంకా ఎవరూ చదవలేదనా? షీట్‌కు ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిసారి చేసినప్పుడు నాకు సగం ఒప్పందాల్లో "ఏ కోర్టు" కాలమ్ 0 వచ్చింది. నిజంగా లేనివి మూడే. మిగతావాటిలో అది చివరి పేజీలో ఉంది, నేను అంతదాకా వెళ్లలేదు.

అందుకని చివరిదాకా చదివాక కూడా ఒక రకం దొరక్కపోతే, దానికి కూడా ఒక వరుస రాయండి. ట్యాగ్ మామూలుగా, క్లాజు నంబరు చోట `NIL`, పేజీ చోట చదివిన పేజీల సంఖ్య. అప్పుడు 0 అంటే చదవలేదు అని మాత్రమే అర్థం. 1 వచ్చినచోట మాత్రం అది `NIL` వరుసేమో చూసుకోండి.

2 వచ్చినచోట ఒకటి చెరిపేయాలని అనిపిస్తుంది, చెరపకండి. ఒప్పందంలో 3 ఏళ్లు, అనుబంధంలో 5 ఏళ్లు అని ఉండే సందర్భాలు వస్తాయి. రెండూ ఉంచి, ఏది ముఖ్యమో చెప్పే వాక్యం ఎక్కడైనా ఉందా అని వెతకాలి.

---

లా_మూడో_ఏడాది · 7 ఆగస్టు, ఉదయం 8:55

నాకు ఒక సందేహం. మినహాయింపులు, కోర్టు అడిగితే ఇవ్వడం, ఈ రెంటికీ వేర్వేరు ట్యాగులు ఎందుకు మేడమ్? చాలా ఒప్పందాల్లో రెండూ ఒకే క్లాజులో (ఎ) నుంచి (ఇ) దాకా వరసగా ఉంటాయి. నేను చూసిన ఒకదానిలో ఐదోది "చట్టప్రకారం వెల్లడించాల్సి వచ్చినది" అని ఉంది.

---

శ్రీసిటీ_సుధ · 7 ఆగస్టు, మధ్యాహ్నం 1:15

మంచి ప్రశ్న. ఇద్దరు మనుషులు ఒకే ఒప్పందానికి ట్యాగులు వేస్తే ఎక్కువగా తేడా వచ్చేది అక్కడే. నేను, నా జూనియర్ ఆరు ఒప్పందాలు విడివిడిగా చేసి పోల్చుకున్నాం. ఐదు చోట్ల మా ట్యాగులు కలవలేదు. అందులో మూడు ఇదే.

అప్పటికే జనానికి తెలిసినది, ముందే మన దగ్గర ఉన్నది, మూడో వ్యక్తి నుంచి న్యాయంగా వచ్చినది, మనమే సొంతంగా తయారు చేసుకున్నది. ఈ నాలుగూ గోప్య సమాచారమే కాదు, ఎవరికైనా చెప్పుకోవచ్చు. కోర్టు అడిగితే ఇచ్చేది అలా కాదు. కోర్టుకు ఇచ్చినా అది గోప్యంగానే ఉంటుంది. మిగతా లోకానికి చెప్పకూడదు, చాలావాటిలో ఇచ్చేముందు ఎదుటివాళ్లకు తెలపాలి కూడా. దాన్ని మినహాయింపుల ట్యాగ్ `EXCL` కింద వేస్తే, ఒకసారి ఏ అధికారికో ఇచ్చిన రిపోర్టు ఇక స్వేచ్ఛగా వాడుకోవచ్చని షీట్ చెప్పినట్టవుతుంది.

నువ్వు చూసినట్టు మినహాయింపుల వరసలోనే రాసేసిన ఒప్పందాలూ ఉన్నాయి. అప్పుడు ఆ ఒక్క ఉపవాక్యాన్ని విడదీసి `COMPEL` వేస్తాను, పక్కన "మినహాయింపుల్లో రాశారు" అని నోట్ పెడతాను. అర్థం ఏమిటో లాయరే చెప్పాలి.

---

కపిలతీర్థం_కుర్రాడు · 8 ఆగస్టు, రాత్రి 7:30

నేను అడిగింది వేరే విషయమైనా ఓపికగా చెప్పారు. అడ్వకేటు గారిని కలిశాను. ఆయన కూడా నా రెండు పేజీల కాగితం మీద పెన్సిల్‌తో వాక్యాలు విడదీసి, ఇది ఒకటి, అది ఇంకొకటి అని గీతలు గీశారు. చేరకూడదన్న వాక్యం ఒక వైపు, కోడ్ గురించిన వాక్యం ఇంకో వైపు. కోడ్ గురించిన దానికి గడువే రాయలేదని అప్పుడే గమనించాను.

---

గుజ్జు_ఆఫీసు · 13 ఆగస్టు, సాయంత్రం 6:05

అందరికీ ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాను. ముందుగా నేను "ముగిసినవి" అని చెప్పిన 11 మాత్రమే మళ్లీ చేశాను. మా అకౌంట్స్ అమ్మాయి వాటిలో నాలుగు విడిగా ట్యాగ్ చేసింది. ఇద్దరికీ తేడా వచ్చిన చోట కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం.

11లో నిజంగా ముగిసినవి 5. ఇంకా నడుస్తున్నవి 4, అందులో ఒకటి 2028 దాకా ఉంది. అది "తిరిగి ఇవ్వడం" క్లాజులో కాకుండా అనుబంధం చివరి పంక్తిలో దొరికింది. మిగతా 2 `CHECK` దగ్గర ఆగిపోయాయి. ఒకటి వ్యాపార రహస్యం అయితే "రహస్యంగా ఉన్నంత కాలం" అంటుంది, ఏది వ్యాపార రహస్యమో మాత్రం ఎక్కడా చెప్పలేదు. రెండోదానిలో 2వ అనుబంధం మా ఫైల్లో లేనే లేదు, ఒప్పందం మాత్రం గడువు అందులో ఉందంటోంది.

ఎండీ గారికి కొత్త లిస్టు ఇచ్చి, పాతది వాడొద్దని రాసి సంతకం పెట్టాను. మిగతా 32 ఇదే పద్ధతిలో రోజుకు రెండు చేస్తున్నాను. ఆ అనుబంధం కోసం కస్టమర్‌ను అడగవచ్చా? అడిగితే మన దగ్గర కాగితం సరిగ్గా లేదని వాళ్లకు తెలిసిపోతుందని మేనేజర్ గారు వెనకాడుతున్నారు.

---

శ్రీసిటీ_సుధ · 13 ఆగస్టు, రాత్రి 8:50

అడగండి. ఫైలు సరిచూసుకుంటున్నాం, 2వ అనుబంధం కాపీ పంపండి అని ఒక పంక్తి చాలు, మేం ఏటా రెండు మూడు అలా అడుగుతాం. వచ్చేదాకా ఆ వరుసను `CHECK`గానే ఉంచండి, అంచనా తేదీ కూడా వేయొద్దు. వ్యాపార రహస్యం దానికి G కాలమ్‌లో `NONE` వేసి, వాక్యాన్ని E కాలమ్‌లో పూర్తిగా ఎక్కించండి. మిశ్రమం పాళ్లు అందులోకి వస్తాయా అన్నది నాకూ చెప్పడం కష్టం.

---

పాత_దస్తావేజు · 14 ఆగస్టు, ఉదయం 7:15

అనుబంధం అడిగేముందు మీ ఆడిటర్ గారి ఫైల్లో, బ్యాంకు లోనుకు ఇచ్చిన కాగితాల్లో ఒకసారి వెతకండి బాబూ. లోను పెట్టినప్పుడు ఒప్పందాల పూర్తి సెట్టు జిరాక్స్ తీసి ఇచ్చి ఉంటారు. విడిపోయిన పేజీలు నాకు చాలాసార్లు అక్కడే దొరికాయి.

---

గుజ్జు_ఆఫీసు · 14 ఆగస్టు, ఉదయం 11:40

ఆడిటర్ గారి ఆఫీసుకు ఫోన్ చేశాను. 2021 ఫైలు అటక మీద ఉందట, రేపు సెలవు కాబట్టి శనివారం రమ్మన్నారు. వెళ్లొచ్చి చెబుతాను.